ఇంటి బయటి రెండర్‌కు ప్రాంప్ట్ వరుస

ప్రశ్న: హనుమకొండలో మాది తూర్పు ముఖం ఇల్లు. AIతో గీయించే దాని బొమ్మ, అంటే రెండర్, ఫొటోలా రావాలంటే ప్రాంప్ట్‌లో ఏది ముందు రాయాలి?

ముందు కట్టడం రాయండి: తూర్పు ముఖం, రెండంతస్తులు, వరండా. వెంటనే ఏ పదార్థం ఎక్కడ ఉందో చెప్పండి: గోడకు గరుకైన సున్నపు పూత, మెట్లకు మెరుగుపెట్టిన కరీంనగర్ గ్రానైట్. గరుకు, మెరుపు చెప్పకపోతే అన్నీ ప్లాస్టిక్‌లా కనిపించవచ్చు.

ఎక్కువగా చెడేది వెలుగు దగ్గరే. సాయంత్రపు ఎండ అడిగితే మీ ముందు గోడ నీడలో ఉండాలి. అది బంగారంలా మెరిస్తే బొమ్మ అబద్ధమని ఊరివాళ్లు ఇట్టే పట్టేస్తారు. చలికాలం ఉదయం 8 గంటల ఎండ, వీధిలో నిలబడి చూసేవారికి ఎడమ వెనుక నుంచి, పొడవాటి నీడలతో అని రాయండి.

తర్వాత కెమెరా: 1.6 మీటర్ల ఎత్తు, 35 మి.మీ. లెన్స్, నిలువు గీతలు వంగకుండా. భావానికి చివర ‘ప్రశాంతం’ చాలు. ‘నాటకీయం’ అంటే అడగని మబ్బులు రావచ్చు.