ఎర్ర సిరా పేజీ: పదో తరగతి పునశ్చరణ గురించి ఒక తల్లిగారికి

గౌరవనీయులైన అమ్మగారికి,

నమస్కారములు. మీ అమ్మాయి జీవశాస్త్రం నోటుపుస్తకంలో ప్రసరణ పాఠంలోని గుండె భాగానికి ఒక్క పేజీయే ఉన్నదనీ, అదీ ఎర్ర సిరా దిద్దుబాట్లతో నిండిపోయిందనీ మీరు ఆందోళన పడుతున్నట్లు తెలిసింది. ఆ దిద్దుబాట్లు నేను చేసినవి కావు, అమ్మాయి తానే చేసుకున్నది. సారాంశంతో చేసే పునశ్చరణలో అసలు పని ఆ ఎర్ర సిరాలోనే ఉన్నది కనుక, ఆ పేజీ ఎలా తయారైందో వివరిస్తాను.

పాఠం మొత్తాన్ని ఒకేసారి తీసుకోకుండా గుండె నిర్మాణం, ద్వివలయ ప్రసరణ అనే భాగాన్ని మాత్రమే తీసుకున్నాము. అమ్మాయి దానిని కలం పట్టకుండా రెండుసార్లు నిదానంగా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత వరకు సొంత మాటలతో ఒక పేజీకి మించకుండా వ్రాసింది. గుర్తురాని చోట పుస్తకం తెరవకుండా ఖాళీ వదలాలన్నది నేను పెట్టిన నియమం. ఆ తరువాతే పుస్తకం తెరిచి, తప్పిన వాటినీ తప్పుగా వ్రాసిన వాటినీ ఎర్ర కలంతో సరిచేసుకున్నది.

ఆ పేజీలో “ధమనులు మంచి రక్తాన్ని, సిరలు చెడు రక్తాన్ని మోస్తాయి” అని ఒక వాక్యం ఉన్నది. చాలామంది పిల్లలు ఇలాగే గుర్తుపెట్టుకుంటారు. ఆ సూత్రాన్ని నమ్మినందువల్లనే, కింద రక్తం నడిచే దారి వ్రాసేటప్పుడు, కుడి జఠరికలో ఉండేది చెడు రక్తమే కనుక, అక్కడి నుండి అది “పుపుస సిర” ద్వారా ఊపిరితిత్తులకు వెళుతుందని వ్రాసింది. పుస్తకంలో అక్కడ పుపుస ధమని అని ఉన్నది. గుండె నుండి రక్తాన్ని బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర అని అప్పుడు గ్రహించి, పై వాక్యాన్ని కొట్టివేసి తిరగవ్రాసింది. పుస్తకం ఎదురుగా పెట్టుకుని సారాంశం వ్రాసి ఉంటే పుపుస ధమని అనే మాట పేజీలోకి సరిగానే దిగేది, తప్పు సూత్రం మాత్రం తలలో అలాగే ఉండిపోయి పరీక్షలో బయటపడేది. గైడులో అచ్చువేసిన సారాంశాలను నేను వద్దనడానికి కారణం కూడా ఇదే.

మరునాడు ఆ పేజీని చదవకుండా మరొక కాగితం మీద మళ్ళీ వ్రాయాలి. ఎర్ర సిరాతో దిద్దిన చోటే రెండోసారీ తప్పు వస్తే, సారాంశాన్ని వల్లెవేయడం మాని, పాఠ్యపుస్తకంలోని ఆ పేరాకు తిరిగి వెళ్ళాలి. నాలుగైదు రోజుల తరువాత పేజీని పది, పన్నెండు మాటలకు కుదిస్తాము. ఇక్కడ ఒక ప్రమాదం ఉన్నది. కుదించడం అలవాటైన పిల్లలు పరీక్షలో కూడా ముక్తసరిగా వ్రాసి మార్కులు పోగొట్టుకుంటారు. అందుచేత వారం, పది రోజులకు ఆ మాటలను మాత్రమే ముందుంచుకుని, గడియారం చూసుకుంటూ, పెద్ద ప్రశ్నకు పూర్తి వాక్యాలతో జవాబు వ్రాయిస్తాను. “ఎడమ జఠరిక గోడ మందంగా ఉంటుంది” అని వదిలేయకుండా, శరీరమంతటికీ రక్తాన్ని పంపవలసినది అదే కనుక అని కారణం కలిపినప్పుడే ఆ జవాబు నిండుతుంది.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. గణితంలో లెక్కలు చేయవలసిందే, పద్యాలు కంఠస్థం చేయవలసిందే, గుండె బొమ్మను చేత్తో గీసి భాగాలు గుర్తించవలసిందే.

ఇంట్లో మీరు చూడవలసినవి రెండే. పేజీలోని వాక్యాలు పుస్తకంలోని వాక్యాలతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయి, ఎర్ర సిరా ఎక్కడా లేకపోతే అది చూసి వ్రాసినదని అనుమానించండి. రెండోది, రాత్రి భోజనాలయ్యాక ఒక ప్రశ్న అడగండి: కాలి వేలి నుండి బయలుదేరిన రక్తం మళ్ళీ కాలి వేలికి ఎలా చేరుతుంది? మీకు జీవశాస్త్రం రానక్కరలేదు, పుస్తకంలోని బొమ్మ మీద వేలు పెట్టుకుని వినండి. అధో బృహత్సిర, కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని అనే వరుసలో చెప్పి, రక్తం గుండెలోకి రెండుసార్లు వచ్చిందని తానుగా అంటే ద్వివలయ ప్రసరణ అర్థమైనట్లే. మధ్యలో ఆగితే మీరు అందించవద్దు, ఆగిన చోటును పేజీలో గుర్తు పెట్టమనండి.

ఆ పేజీని శుభ్రంగా తిరిగి వ్రాయమని మాత్రం దయచేసి చెప్పకండి. వచ్చే ఆదివారం విసర్జన పాఠం మొదలుపెడతాము. మూత్రపిండం, నెఫ్రాన్ బొమ్మలు గీయడానికి కొన్ని గీతలు లేని తెల్ల కాగితాలు, ఒక ఎర్ర కలం అమ్మాయితో పంపించగలరు.

ఇట్లు,
మీ అమ్మాయి ట్యూషన్ మాస్టారు