సున్నా వడ్డీ అంటారు గానీ, లెక్క తీస్తే రెండు రూపాయల వడ్డీ

ప్రశ్న: మూడు నాలుగు యాప్‌లలో పే లేటర్ వాడేశాను. మొత్తం బాకీ ఎంత, ఫీజులు ఎంత, ఏడాదికి ఎంత వడ్డీ పడుతోందో ఒకేచోట చూసుకోవడం ఎలా?

యాప్ తెరవగానే పెద్ద అక్షరాల్లో కనిపించే అంకెను నమ్మకండి. అది ఈ నెల కట్టాల్సింది, మొత్తం బాకీ కాదు.

విజయనగరం కోట జంక్షన్ దగ్గర మొబైల్ షాపులో పనిచేసే మా తోడల్లుడి కొడుకు పైడితల్లి పండక్కి ఇలాగే కొన్నాడు. "ఎంతరా బాకీ?" అంటే "మూడు వేల ఎనిమిది వందలు, బాబాయ్" అన్నాడు. కాగితం మీద రాయించాను. మొదటి యాప్‌లో ఈ నెల వాయిదా 2,000, వచ్చే నెలది ఇంకో 2,000. రెండో దాంట్లో గడువు దాటిన బిల్లు 1,500, ఆలస్య రుసుము జీఎస్టీతో 295. మూడో దాంట్లో ఇంకా బిల్లు రాని 900. మొత్తం 6,695!

ఫీజులు యాప్‌లలోనే వెతికితే సరిపోదు. వాడి ఖాతాలో డబ్బులు లేక ఆటోపే వెనక్కి వెళ్లినందుకు బ్యాంకు కూడా 236 కోసింది. అది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తప్ప ఏ యాప్‌లోనూ ఉండదు. ఉచిత క్రెడిట్ రిపోర్టు కూడా తీయండి. అందులో యాప్ పేరు బదులు వెనకున్న ఫైనాన్స్ కంపెనీ పేరు ఉండొచ్చు, కాబట్టి ఒకే అప్పును రెండుసార్లు కూడకండి.

ఇక వడ్డీ. మొదటి యాప్‌లో 6,000 వస్తువు, మూడు నెలల వాయిదాలు, "సున్నా వడ్డీ". ప్రాసెసింగ్ ఫీజు 199, దానిపై 18 శాతం జీఎస్టీ, కలిపి 235. ఆరు వేలకు 235 అంటే నాలుగు శాతమే కదా అన్నాడు వాడు. కానీ ఆరు వేలూ మూడు నెలలు వాడి దగ్గర లేవు, నెలనెలా కరిగిపోయాయి. ఎక్సెల్ షీట్‌లో రెండో అడ్డవరస నుంచి A వరసలో తేదీలు, B వరసలో కొన్నరోజు 6000, అదేరోజు ఫీజు -235, తర్వాత మూడుసార్లు -2000 వేసి ఇది కొట్టండి:

```
=XIRR(B2:B6,A2:A6)
```

ఏడాదికి దాదాపు 27 శాతం. మన ఊరి లెక్కలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఊళ్లో అప్పిచ్చే ఆసామి ఆ మాట ముందే ముఖం మీద చెబుతాడు, వీళ్లకు ఆపాటి నిజాయితీ కూడా లేదు. మొదటి వాయిదా కొన్నరోజే కట్టించుకుంటే అదే ఫీజుకు రేటు 60 శాతం దాటుతుంది.

అన్ని యాప్‌ల రేట్లనూ కూడి సగటు తీయకండి. తీరిపోయిన కొనుగోళ్లతో సహా అన్నిటి తేదీలూ మొత్తాలూ పాత తేదీ మొదట వచ్చేలా ఒకే వరసలో పెట్టండి, ఇంకా కట్టాల్సినవి వాటి గడువు తేదీలతో వేయండి. ఆలస్య రుసుములతో ఒకసారి, అవి లేకుండా ఒకసారి రేటు తీయండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అప్పిచ్చేవాళ్లు ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో వార్షిక రేటు ఉంటుంది గానీ, ఆలస్య రుసుములు ఆ రేటులో కలవవు. మీకు వచ్చిన అంకె దానికంటే ఎక్కువుంటే ముందు ఆలస్య రుసుముల దగ్గరే చూడండి.