గోల్డ్ లోన్ కట్టేశాను, రసీదు పోయింది: నగలు ఎలా విడిపించుకోవాలి?

ప్రశ్న: లోన్ వడ్డీతో సహా కట్టేశానండి. నగలు తాకట్టు పెట్టినప్పుడు ఇచ్చిన రసీదు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. అది తెస్తేనే నగలు ఇస్తామంటున్నారు, రెండుసార్లు తిప్పి పంపారు. ఒక నెక్లెస్, రెండు గాజులు. ఏం చేయాలి?

జవాబు: టెన్షన్ పడకండి, రసీదు పోయినంత మాత్రాన నగలు పోవు. లోన్ మీ పేరు మీద ఉంది, మీ సంతకం, ఫొటో, కేవైసీ అన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. మీరు చేసిన పొరపాటల్లా రెండుసార్లూ నోటిమాటతో అడిగి తిరిగి రావడమే.

ఈసారి కాగితం మీద రాసివ్వండి. లోన్ నంబరు, మొత్తం కట్టిన తేదీ, రసీదు పోయిన సంగతి, నగలు విడుదల చేయమన్న అభ్యర్థన రాసి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఎందుకంటే ఆర్‌బీఐ కొత్త నిబంధనల ప్రకారం బాకీ తీరిన రోజే, లేదంటే గరిష్ఠంగా 7 పనిదినాల్లో నగలు తిరిగివ్వాలి, ఆలస్యం వాళ్ల వల్ల జరిగితే రోజుకు ₹5,000 చొప్పున మీకు చెల్లించాలి. మీ కాగితం లేకపోతే "ఆయనే రాలేదండి" అనేస్తారు. ఒక మెలిక ఏంటంటే, ఈ నిబంధనలు అమలు చేయడానికి గడువు 2026 ఏప్రిల్ 1, అంతకుముందు మంజూరైన లోన్లకు పాత నిబంధనలే వర్తించొచ్చు, కాబట్టి మీ లోన్ తేదీ చూసుకోండి.

తర్వాత ఇండెమ్నిటీ బాండ్ అడుగుతారు, అంటే పోయిన రసీదు వల్ల వాళ్లకు నష్టం వస్తే మీరే భరిస్తానని రాసిచ్చే హామీపత్రం. అడగడం న్యాయమే, రేపు ఆ రసీదు పట్టుకుని ఇంకొకరు వస్తే లోన్ ఇచ్చినవాళ్లకూ రక్షణ కావాలి కదా. స్టాంప్ పేపరు ఎంతది, సాక్షులు కావాలా, పోలీసు ఫిర్యాదు అవసరమా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఏమేం కావాలో ఒకేసారి రాసిమ్మనండి. సంతకం పెట్టేముందు బాండ్ పూర్తిగా చదవండి: పోయిన రసీదు వల్ల వచ్చే క్లెయిముల వరకే ఉండాలి. "నగల బరువు, నాణ్యత గురించి ఇక ఏమీ అడగను" అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి.

అసలు జాగ్రత్త కౌంటర్ దగ్గర. బరువులున్న కాగితం మీ చేతిలో లేదు కాబట్టి, కవరు సీలు తెరవకముందే వాళ్ల సిస్టమ్‌లోని నగల వివరాలు ప్రింట్ ఇవ్వమనండి. నెక్లెస్‌లో రాళ్లుంటే అందులో రెండు బరువులుంటాయి, ఉదాహరణకు మొత్తం 24.6 గ్రాములు, రాళ్లు తీసేస్తే 23.1. కాటా మీద 24.6 రావాలి, 23.1 చూపించి సరిపోయిందంటే 1.5 గ్రాములు ఏమైనట్టు? నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఇంటికెళ్లాక తూకం వేయించి తేడా చూసుకుంది, కానీ అప్పటికే "అన్నీ సరిగ్గా అందాయి" అని రిజిస్టరులో సంతకం పెట్టేసింది. గాజులు కూడా విడిగా తూయించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

ఇంతచేసినా తిప్పుతుంటే వాళ్ల ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, ముద్ర పడిన ఆ కాపీని జతచేసి.