చక్రవడ్డీ అప్పులో సమాన వాయిదా ఎంత?

లెక్క: 10% వార్షిక చక్రవడ్డీకి తీసుకున్న 21,000 రూపాయల అప్పును రెండు సమాన వార్షిక వాయిదాలలో తీర్చాలి. ఒక్కో వాయిదా ఎంత? సూత్రం ఎలా వస్తుంది?

ఒక్కో వాయిదా 12,100 రూపాయలు.

ఏడాది చివర బాకీకి వడ్డీ కలుస్తుంది, ఆ మొత్తంలోంచి వాయిదా తగ్గుతుంది. రెండో వాయిదాతో బాకీ సున్నా కావాలి. అసలు P, వడ్డీరేటు r, వాయిదా x అనుకుంటే:

(P(1+r) − x)(1+r) − x = 0

అంటే P(1+r)² = x[(1+r) + 1]. వాయిదాలు n ఉంటే కుడివైపు (1+r)ⁿ⁻¹ నుంచి 1 వరకు గుణశ్రేఢి వస్తుంది. దాని మొత్తం ((1+r)ⁿ − 1)/r కనుక:

x = P·r·(1+r)ⁿ / ((1+r)ⁿ − 1)

ఇక్కడ x = 21,000 × 0.1 × 1.21 / 0.21 = 12,100.

సరిచూడటం తేలికే, తప్పక చేయాలి కూడా. మొదటి ఏడాది చివర బాకీ 23,100. వాయిదా పోగా 11,000. దానికి వడ్డీ 1,100 కలిస్తే సరిగ్గా 12,100.

చాలామంది రెండేళ్ల మొత్తం 25,410ని సగం చేసి 12,705 అంటారు. అది తప్పు: మొదటి వాయిదాగా కట్టేసిన డబ్బుకు రెండో ఏడాది వడ్డీ పడదు. అలా కడితే చివరికి 1,270.50 రూపాయలు ఎక్కువ చెల్లించినట్టే.

నెలవారీ వాయిదాలైతే, వడ్డీ నెలనెలా లెక్కించేటప్పుడు, r స్థానంలో వార్షిక రేటులో 12వ వంతు, n స్థానంలో నెలల సంఖ్య వేయాలి.