భేదపు ఘాతమా, ఘాతాల భేదమా?

సందేహం: “బోలు షాఫ్టు ధ్రువ జడత్వ భ్రామకం దాని బాహ్యాంతర వ్యాసభేద చతుర్థఘాతానికి π/32 రెట్లు” అని నోట్సులో రాసుకున్నాం. ఈ వాక్యం సరైనదేనా?

సమాధానం: సమాసం విప్పి చూడండి. వ్యాసభేద చతుర్థఘాతం అంటే వ్యాసాల భేదం యొక్క నాలుగో ఘాతం. ముందు తీసివేసి, ఆ తర్వాత ఘాతానికి ఎక్కించమని దాని అర్థం. కావలసింది వ్యాస చతుర్థఘాతభేదం. మాటలు అవే, వరస మారింది, లెక్క తలకిందులైంది.

బయటి వ్యాసం 60, లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకుందాం. 60 నాలుగో ఘాతం 1,29,60,000. 40 నాలుగో ఘాతం 25,60,000. తేడా 1,04,00,000. దాన్ని π/32తో గుణిస్తే సుమారు 10,21,000 mm⁴. మీ వాక్యం ప్రకారమైతే తేడా 20, దాని నాలుగో ఘాతం 1,60,000, ఫలితం 15,700 చిల్లర. సరైన విలువలో అరవై అయిదో వంతు! బోలు షాఫ్టంటే నిండు వృత్తంలోంచి లోపలి వృత్తాన్ని తీసేసినదే కనుక, ఏ వృత్తం ఘాతం దానికి విడిగా కట్టాకే తీసివేత. రంధ్రం లేదనుకుని సరిచూస్తే ఈ తప్పు దొరకదు. లోపలి వ్యాసం సున్నా అయితే రెండు వాక్యాలూ ఒకే జవాబిస్తాయి.

J = π (D⁴ − d⁴) / 32

ఇక్కడ D బయటి వ్యాసం, d లోపలిది. రంధ్రం సరిగ్గా నడిమధ్యన ఉంటేనే ఈ సూత్రం. వ్యాసార్ధాలు వాడితే 32 స్థానంలో 2 రావాలి.

ఇక భ్రామకం. సంస్కృత ధాతువు భ్రమ్, తిరగడం. భ్రమణం, పరిభ్రమణం, పువ్వు చుట్టూ తిరిగే భ్రమరం, మనసు తిరిగిపోయే భ్రమ, అన్నీ దాని సంతానమే. భ్రామకం అంటే తిప్పేది. బలానికి ఈ పేరు అతికినట్టుంది: ఇరుసుకు ఎంత దూరాన నెడితే అంత బాగా తిప్పుతుంది. వైశాల్యం దేన్నీ తిప్పదు. ప్రతి చిన్న ముక్క వైశాల్యాన్నీ కేంద్రం నుంచి దాని దూరపు వర్గంతో గుణించి కూడుతున్నాం, అంతే. దూరంతో గుణించే పోలిక వల్ల పేరు ఇటు పాకింది. రెండుసార్లు గుణించాం కనుక ద్వితీయ భ్రామకం. పాతుకుపోయిన మాట, ఉండనిద్దాం.

జడత్వాన్ని మాత్రం ఒప్పుకోను. జడత్వం ద్రవ్యరాశి గుణం. ఇక్కడ ద్రవ్యరాశి ఏది? ఉక్కయినా అల్యూమినియమైనా పై విలువ మారదు. ప్రమాణాలే సాక్ష్యం: జడత్వ భ్రామకానికి kg·m², దీనికి mm⁴. పుస్తకాలు రెంటికీ ఒకే పేరు పెట్టి విద్యార్థిని తికమక పెట్టడం బాగాలేదు.

ధ్రువ అన్నది కేంద్రబిందువును పట్టి వచ్చింది, సరే. బోలు చక్కని తెలుగు మాట. “వైశాల్య ధ్రువ ద్వితీయ భ్రామకం” నాకు నచ్చిన పేరు. పరీక్షలో పాత పేరు రాస్తే తప్పనలేను గానీ, పక్కన ప్రమాణం రాయండి.