టీఏ, డీఏ మేలా, ఫిక్స్‌డ్ అలవెన్స్ మేలా?

ప్రశ్న: బీఫార్మసీ పూర్తయింది సర్. విజయవాడ హెచ్‌క్యూగా, అంటే అక్కడ ఉంటూ చుట్టుపక్కల తిరిగేలా, రెండు మెడికల్ రెప్ ఆఫర్లు వచ్చాయి. రెండింటిలోనూ జీతం 24,000. ఒక కంపెనీ ఊరు దాటి వెళ్లిన రోజుకు డీఏ, అంటే రోజువారీ భత్యం 250, బైక్‌కు కిలోమీటరుకు 3 రూపాయలు ఇస్తుంది. రెండోది నెలకు 8,000 ఫిక్స్‌డ్ ఫీల్డ్ అలవెన్స్ ఇస్తానంటోంది. పన్ను పరంగా ఏది మంచిది?

జవాబు: ప్రస్తుతానికి పన్ను మీ నిర్ణయాన్ని మార్చదు. 2025-26 కొత్త పన్ను విధానం ప్రకారం 8,000 కలిపి లెక్కించినా మీ వార్షికాదాయం 3,84,000 మాత్రమే. అందులో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలేది 4 లక్షల లోపే కనుక పన్ను పడదు. తేల్చవలసింది మీ టూర్ ప్రోగ్రామ్.

విజయవాడ నుంచి బందరు రానూపోనూ సుమారు 140 కిలోమీటర్లు. మొదటి కంపెనీలో ఆ రోజుకు బైక్ ఖర్చు కింద 420, డీఏ 250 కలిపి 670 రూపాయలు వస్తాయి. అలాంటి రోజులు నెలకు పన్నెండైతే 8,040 అవుతుంది, అంటే రెండు ఆఫర్లూ దాదాపు సమానం. అంతకు మించి తిరగవలసి వస్తే ఫిక్స్‌డ్ అలవెన్స్ పెరగదు కనుక మొదటి ఆఫరే మేలు. ఎక్కువ రోజులు నగరంలోనే పని అయితే ఫిక్స్‌డ్ అలవెన్సే లాభం. మీ ముందు ఆ హెచ్‌క్యూలో పనిచేసిన రెప్‌ను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

జీతం పెరిగాక మాత్రం పన్ను తేడా కనిపిస్తుంది. డ్యూటీ మీద వేరే ఊరు వెళ్లినప్పటి ప్రయాణ ఖర్చుకు, రోజువారీ ఖర్చుకు ఇచ్చే అలవెన్స్‌లో నిజంగా ఖర్చయినంత వరకు పాత, కొత్త విధానాలు రెండింటిలోనూ మినహాయింపు ఉంది, మిగుల్చుకున్నది ఆదాయమే. డీఏ మినహాయింపు మామూలు పనిచోటుకు దూరంగా ఉన్న రోజులకే కాబట్టి, కొన్ని కంపెనీలు హెచ్‌క్యూలో ఉన్న రోజుకు ఇచ్చే డీఏ దాని కిందికి రాదు. ఈ సంగతి చాలామంది రెప్‌లు గమనించరు. ఇక ఖర్చుతో సంబంధం లేకుండా జీతంతో పాటు పడే ఫీల్డ్ అలవెన్స్‌కు కంపెనీ సాధారణంగా జీతంగానే టీడీఎస్ కోస్తుంది. 20 శాతం శ్లాబులో ఉన్న ఏరియా మేనేజర్‌కు ఏడాదికి వచ్చే 96,000 మీద 19,200, ఆపైన సెస్సు పోతాయి.

బిల్లుల పద్ధతికీ చిక్కులున్నాయి. దూరాన్ని మీ బైక్ మీటరు కాదు, ఏ ఊరికి ఎంత దూరమో కంపెనీ ముందే రాసిపెట్టుకున్న ఫేర్ చార్ట్ నిర్ణయిస్తుంది. రోజువారీ కాల్ రిపోర్టు పంపకపోతే చాలాచోట్ల ఆ రోజు డీఏ కోస్తారు. డబ్బు తర్వాతి నెలలో వస్తుంది కనుక మొదటి నెల ఖర్చు మీరే పెట్టుకోవాలి. సంతకం చేసేముందు ఫేర్ చార్ట్ చూపించమనండి, ఆ 8,000 సీటీసీలో భాగమో, దానికి అదనమో రాతపూర్వకంగా తీసుకోండి.