యాప్ కంటే ముందు ఐదుగురు ఖాతాదారులు

ప్రశ్న: పీజీ హాస్టళ్ల యజమానులకు అద్దె లెక్కలు చూపి, బకాయి ఉన్నవారికి గుర్తు చేసే యాప్ చేయించాలనుకుంటున్నాను. నాలుగు లక్షలు అడుగుతున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఇప్పుడే వద్దు. ఇలాంటి ఉత్తరాలు తరచుగా వస్తున్నాయి. వాటిలో యాప్ ఖర్చు ఉంటుంది గాని, ఆ సేవకు డబ్బు చెల్లించిన మనిషి ఒక్కరూ ఉండరు.

మీ ప్రాంతంలో తెలుగువారు నడిపే పీజీలు చాలా ఉన్నాయి కనుక భాష అడ్డు కాదు. బంధుమిత్రులను వదిలి, పరిచయం లేని యజమానులను కలిసి, నెలకు 500 రూపాయలు ముందుగా చెల్లిస్తే అద్దె లెక్క మీరే చూస్తారని చెప్పండి. "బాగుంది, యాప్ వచ్చాక చెప్పండి" అంటే కాదన్నట్టే లెక్క. ఐదుగురు చెల్లించే వరకు తిరగండి.

తరువాత పనంతా చేత్తోనే చేయండి. ఒక్కో యజమానికి ఒక్కో గూగుల్ షీట్ తెరిచి, మంచం నంబరు, పేరు, ఫోను, గడువు తేదీ, అందిన మొత్తం రాస్తే చాలు. గుర్తుచేసే సందేశం మీరు రాసినా, యజమాని తన నంబరు నుంచే పంపాలి. ఎందుకంటే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ సందేశం, పంపినవారి నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. మీ నంబరు అద్దెకుండేవారి ఫోన్లలో ఉండదు. అద్దె కూడా నేరుగా యజమాని యూపీఐకే వెళ్లాలి. ఇతరుల సొమ్మును మీ ఖాతాలోకి తీసుకుంటే రిజర్వ్ బ్యాంకు నిబంధనల చిక్కులు మొదలవుతాయి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఆధార్. "ఆ కాపీలు కూడా మీ దగ్గరే ఉంచండి" అని యజమానులు అడుగుతారు, ఒప్పుకోకండి. ఒక్కో పీజీలో నలభై మంచాలున్నా ఐదింటికి రెండు వందల మంది గుర్తింపు పత్రాలు మీ ల్యాప్‌టాప్‌లోనో, ఫోనులోనో పడి ఉంటాయి. అద్దె గుర్తు చేయడానికి వాటితో పనే లేదు. షీట్ విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. వార్డెన్‌కు తెరుచుకోవడం లేదని `Anyone with the link` ఎంచుకుంటే, ఆ లింకు వాట్సాప్‌లో చేతులు మారి, వార్డెన్ ఉద్యోగం మానేసిన తరువాత కూడా తెరుచుకుంటూనే ఉంటుంది. అందరి ఫోను నంబర్లను లోకానికి తెరిచిపెట్టే మార్పును ఇంత సులువుగా చేయనివ్వడం బాధ్యతలేని రూపకల్పన అని నా అభిప్రాయం. `Restricted` లోనే ఉంచి, ఒక్కొక్కరి ఈమెయిలును విడిగా చేర్చండి. మనిషి వెళ్లిన రోజే తొలగించండి.

అసలు పరీక్ష రెండో నెలలో జరుగుతుంది. మొదటి 500 మొహమాటానికి ఇచ్చి ఉండవచ్చు. మళ్లీ చెల్లించినవారు నలుగురైతే, వారు పదే పదే అడిగిన ఒక్క పనికి మాత్రమే సాఫ్ట్‌వేర్ రాయించండి. అది అద్దె కాకుండా ఖాళీ మంచాల లెక్క కావచ్చు. ఒక్కరో ఇద్దరో మిగిలితే, మానేసినవారి దగ్గరకు వెళ్లి ఇప్పుడు లెక్క ఎక్కడ రాసుకుంటున్నారో చూపించమని అడగండి. పాత నోటు పుస్తకంతోనే పని జరిగిపోతుంటే, నాలుగు లక్షల యాప్‌ను కూడా వారు తెరవరు.